సర్పికి మంత్రం కాదు, మూడు రోజుల్లో మందు

ఒంటికి ఒక్క పక్కనే, వీపు నుంచి రొమ్ము కిందకో, నడుము నుంచి బొడ్డు వైపుకో పట్టీ కట్టినట్టు ఎర్రగా కందిపోయి, దాని మీద గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు లేస్తాయి. నిప్పు రవ్వలు పడ్డట్టు మంట. చీర చెంగు తగిలినా ప్రాణం పోతున్నట్టుంటుంది. దీన్ని మనవాళ్లు సర్పి అంటారు. కొన్ని ఊళ్లలో చప్పి అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అనీ, షింగిల్స్ అనీ రాస్తారు. పేరు ఏదైనా జబ్బు ఒక్కటే.

పాములా చుట్టుకుంటూ వస్తుంది కనక ఆ పేరు వచ్చింది. తలా తోకా కలిసిపోతే మనిషి దక్కడని పెద్దవాళ్ల భయం. అందుకే కలవకుండా మంత్రం వేయిస్తారు, ఎర్రమట్టి పూయిస్తారు, పసర్లు రాయిస్తారు. ఈ హడావుడిలో నాలుగైదు రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఈ జబ్బులో పోకూడనివి సరిగ్గా ఆ రోజులే. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ పాము ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాలి.

ఆటలమ్మ వెళ్లిపోలేదు, పడుకుంది

చిన్నప్పుడు మనలో చాలామందికి ఆటలమ్మ పోసే ఉంటుంది. వేపరొట్టలు కట్టి, తలంటు పోసి, అమ్మవారు దిగిపోయిందని అనుకుంటాం. ఒంటి మీద పొక్కులు మానిపోయిన మాట నిజమే గానీ, వాటిని తెచ్చిన వైరస్ మాత్రం ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన, నరాలు మొదలయ్యే చోట చిన్న చిన్న ముడుల్లాంటివి ఉంటాయి. అక్కడికి చేరి నలభై ఏళ్లో యాభై ఏళ్లో చప్పుడు లేకుండా పడుకుంటుంది.

మన ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నంతకాలం అది లేవదు. వయసు యాభై దాటాక కాపలా కొంచెం సడలుతుంది. షుగరున్నవాళ్లు, క్యాన్సర్‌కి మందులు వాడుతున్నవాళ్లు, కీళ్లవాతానికో ఆయాసానికో ఎక్కువకాలం స్టెరాయిడ్లు మింగుతున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఆ సడలింపు ఇంకా ఎక్కువ. అప్పుడు వైరస్ మేలుకుంటుంది. తానున్న నరం వెంబడే పాకుతూ చర్మం దాకా వస్తుంది. ఆటలమ్మే మళ్లీ లేచి సర్పి అవుతుందని ఇంగ్లండ్‌లో ఎడ్గర్ హోప్ సింప్సన్ అనే మామూలు కుటుంబ వైద్యుడు తన దగ్గరికొచ్చే రోగులను ఏళ్ల తరబడి గమనించి, 1965లో వివరంగా రాశారు.

పట్టీలా ఎందుకు వస్తుందంటే, వెన్నులోంచి బయల్దేరే ఒక్కో నరానికీ చర్మం మీద ఒక్కో పట్టీ అంత మేర అప్పగించి ఉంటుంది. ఏ నరంలో వైరస్ లేస్తే ఆ నరానికి చెందిన మేరలోనే పొక్కులు వస్తాయి. నరాలు కుడికీ ఎడమకీ వేరువేరుగా జతలు జతలుగా ఉంటాయి. కుడి నరం కుడి సగానికే, ఎడమ నరం ఎడమ సగానికే. అందుకే పొక్కులు వెన్ను మధ్య గీత దగ్గరా, రొమ్ము మధ్య గీత దగ్గరా కత్తిరించినట్టు ఆగిపోతాయి. తలా తోకా కలవకపోవడానికి కారణం మంత్రం కాదు, మన ఒంటి అల్లిక. రెండు పక్కలా వచ్చినా, ఒంటి నిండా చెదురుమదురుగా లేచినా అది అరుదు. అలా వస్తే ఒంట్లో కాపలా బాగా దెబ్బతిన్నదని అర్థం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ముందు నొప్పి, ఆ తర్వాతే పొక్కు

ఈ జబ్బు మొదట్లోనే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పొక్కులు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజుల ముందే ఆ చోట నొప్పో, మంటో, సలుపో, జిల మొదలవుతుంది. చూస్తే చర్మం మీద ఏమీ ఉండదు. రొమ్ము దగ్గరైతే గుండె నొప్పనీ, కుడి డొక్కలోనైతే పిత్తాశయంలో రాయనీ, నడుము దగ్గరైతే కిడ్నీలో రాయనీ, ముఖం మీదైతే పంటి నొప్పనీ అనుకుంటారు.

మా అత్తగారికి అలాగే జరిగింది. ఆవిడకి అరవై ఆరేళ్లు, పదేళ్లుగా షుగరుంది. ఒక సోమవారం రాత్రి ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా ఏదో గుచ్చుతున్నట్టుందన్నారు. మంగళవారం పొద్దున్నే ఈసీజీ తీయించాం. అందులో ఏమీ లేదు. ఎడమ పక్క నొప్పి వచ్చినప్పుడు, అందులోనూ షుగరున్న మనిషికి, ముందు గుండె కాదని తేల్చుకోవడమే సరైన పని. బుధవారమంతా గ్యాసేమో అనుకుంటూ వాము నీళ్లు తాగుతూ గడిపారు.

గురువారం పొద్దున్న స్నానానికి వెళ్లి వచ్చి, "అమ్మాయ్, వీపు మీద చెయ్యి పెడితే ఏదో గరగరగా తగులుతోంది, ఓసారి చూడు" అన్నారు. జాకెట్టు తీసి చూస్తే వెన్ను పక్క నుంచి రొమ్ము కింద దాకా ఎర్రటి మచ్చలు, వాటి మీద ఆవగింజలంత నీటి పొక్కులు. ఎదురింటి పిన్నిగారు చూసి సర్పి అని గుర్తుపట్టారు. పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన ఉన్నాడనీ, ఆదివారం దాకా ఆగాలనీ చెప్పారు. అత్తగారికీ అటే మనసుంది.

"అత్తయ్యా, మంత్రం ఆదివారం వేయించుకుందురుగాని, డాక్టరుకి మాత్రం రేపే చూపిద్దాం" అన్నాను. ఆవిడ సరేనన్నారు. పెద్దవాళ్ల నమ్మకంతో పోట్లాటకి దిగితే ఆ పోట్లాటలోనే రోజులు గడిచిపోతాయి. మంత్రం ఎప్పుడైనా వేయించుకోవచ్చు, మందుకి మాత్రం గడువుంది.

డెబ్బై రెండు గంటల లెక్క

శుక్రవారం పదకొండు గంటలకి చర్మవ్యాధుల డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పొక్కులు ఎప్పుడు కనిపించాయి?" అని. అత్తగారు నొప్పి మొదలైన సోమవారం చెప్పబోయారు. "నొప్పి కాదండీ, ఎరుపో పొక్కో మొదట ఎప్పుడు చూశారు?" అని డాక్టరుగారు మళ్లీ అడిగారు. గురువారం పొద్దున్న ఏడింటికి. అంటే అప్పటికి ఇరవై ఎనిమిది గంటలు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. డెబ్బై రెండు గంటలు లెక్కపెట్టేది నొప్పి నుంచి కాదు, చర్మం మీద మొదటి గుర్తు కనిపించిన దగ్గర్నుంచి. సోమవారం నుంచి లెక్కేసుకుని గడువు దాటిపోయిందని ఊరుకుని ఉంటే అన్యాయమైపోయేది.

ఆ మూడు రోజుల్లోనే ఎందుకు మొదలుపెట్టాలంటారు? ఈ మందు వైరస్‌ను చంపదు. అది పిల్లలు పెట్టకుండా అడ్డుపడుతుంది, అంతే. పొక్కులు లేచిన మొదటి రెండు మూడు రోజుల్లోనే వైరస్ నరంలో జోరుగా పెరుగుతూ ఉంటుంది. అప్పుడు ఆపితే నరానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. పొయ్యి కట్టేస్తే కూర ఇంక మాడదు గానీ, అప్పటికే మాడిన అడుగు మళ్లీ కూర అవదు కదా! ఇదీ అంతే.

డాక్టరుగారు రాసింది ఎసైక్లోవిర్. ఒక్కో మాత్ర 800 మిల్లీగ్రాములు, రోజుకి అయిదు సార్లు, ఏడు రోజులు. మొత్తం ముప్ఫై అయిదు మాత్రలు. పొద్దున్న ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి కొద్దిగానే చేరుతుంది, చేరింది కూడా కొన్ని గంటల్లోనే మూత్రంలో పోతుంది. అందుకే అన్నిసార్లు వెయ్యాలి. ఒక కాగితం మీద అయిదు గడులు గీసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. వేసుకున్నప్పుడల్లా ఆవిడే టిక్కు పెట్టుకునేవారు. రోజుకి మూడుసార్లు వేసుకుంటే చాలే వాలాసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్ అనే మందులూ ఉన్నాయి. మాత్రలు మరిచిపోయేవాళ్లకి అవి సులువు. ఎసైక్లోవిర్ వంటి మందులకు దారి వేసిన పరిశోధనలకి గాను 1988లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ ఒకరు.

మందు మొదలుపెట్టే ముందే రక్తంలో క్రియాటినిన్ చూశారు. ఈ మందులు కిడ్నీల ద్వారా పోతాయి కాబట్టి, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి మోతాదు తగ్గించాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఈ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. నీళ్లు తాగడానికి అడ్డు లేనివాళ్లు ఆ వారం రోజులూ బాగా తాగాలి. అత్తగారి కిడ్నీలు బాగానే ఉన్నాయి కాబట్టి పూర్తి మోతాదే ఇచ్చారు. నొప్పికి పారాసెటమాల్, రాత్రిపూట నరాల నొప్పి తగ్గే మాత్ర ఒకటి రాశారు.

మందుల షాపులో జరిగే పొరపాట్లు రెండున్నాయి. చీటీ లేకుండా వెళ్లి "సర్పి లేచిందండీ" అంటే, కొందరు పూసుకునే ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంటు చేతిలో పెడతారు. వైరస్ ఉన్నది నరంలో. పైన పూసిన మందు అక్కడికి చేరదు. ఇంకొందరు 200 మిల్లీగ్రాముల చిన్న మాత్రలు ఇస్తారు. అది పెదవి మీద వచ్చే జ్వరపు పొక్కులకి వాడే మోతాదు, సర్పికి చాలదు. మాత్ర పేరు సరిపోతే చాలదు, చీటీలో ఉన్న మిల్లీగ్రాములు కూడా సరిపోయాయో లేదో చూసుకోవాలి.

మంత్రానికి పేరెలా వస్తుంది?

మూడో రోజు తర్వాత అత్తగారికి కొత్త పొక్కులు రాలేదు. ఎనిమిదో రోజుకి ఉన్నవన్నీ పక్కులు కట్టాయి. మూడు వారాలకి పక్కులు రాలిపోయి మచ్చలు మిగిలాయి. నొప్పి తగ్గుతూ తగ్గుతూ ఆరో వారానికి పూర్తిగా పోయింది.

తణుకు దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ సంగతి ఇంకోలా అయింది. డెబ్భై రెండేళ్ల మనిషి. కుడి పక్కన నడుము చుట్టూ లేచింది. మూడు వారాల్లో మూడుసార్లు మంత్రం వేయించారు, ఏవో పసర్లు పూశారు. ఇరవై రోజులకి పొక్కులన్నీ ఎండిపోయాయి. ఊళ్లో అందరూ మంత్రం పనిచేసిందన్నారు.

పనిచేసిందనిపించడంలో వింతేమీ లేదు. సర్పి పొక్కులు మందు వేసినా, వెయ్యకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానిపోతాయి. ఆ వ్యవధిలో ఏది చేసినా, మాన్పిన పేరు దానికే వస్తుంది. మందు వెయ్యమనేది పొక్కుల కోసం అయితే అంత తొందర అక్కర్లేదు. మందు వేసేది కంటికి కనపడని నరం కోసం.

పెద్దమ్మకి చర్మం మానింది గానీ నరం మానలేదు. పొక్కులు పోయిన మూడు నెలలకి కూడా అక్కడ కారం రాసినట్టు మంట. లంగా బొందు కట్టుకోలేకపోయేది. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడేది. రాత్రిళ్లు నిద్ర లేదు. "ఏమీ కనపడదే తల్లీ, ఎవరికి చూపించను? వేషాలేస్తున్నాననుకుంటారు" అని నాతో అంది. పొక్కులు వచ్చి మూడు నెలలు దాటినా నొప్పి నిలిచిపోతే దాన్ని డాక్టర్లు సర్పి తర్వాతి నరాల నొప్పి అంటారు. వయసు పెరిగేకొద్దీ ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది. మొదట్లో నొప్పీ పొక్కులూ ఎక్కువగా ఉన్నవాళ్లకి మరీనూ.

అప్పుడు ఎసైక్లోవిర్ వేసి లాభం లేదు. మామూలు నొప్పి మాత్రలకీ ఇది లొంగదు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. వీటితో మగతా, తూలుడూ ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు రాత్రి లేచేటప్పుడు పడిపోకుండా చూసుకోవాలి. పెద్దమ్మకి ఈ మందులతో నొప్పి సగానికి సగం తగ్గింది. పూర్తిగా వదలడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మూడు రోజుల్లో మందు వేస్తే పొక్కులు త్వరగా ఎండుతాయనీ, మొదటి వారాల నొప్పి తగ్గుతుందనీ గట్టిగా చెప్పొచ్చు. ఆ తర్వాత నిలిచిపోయే నొప్పి ఇక రానే రాదని మాత్రం ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు. వేళకి మందు వేసినా కొందరికి వస్తుంది. అలాగే మూడు రోజులు దాటిపోయాయని ఇంట్లో కూర్చోవడమూ తప్పే. ఇంకా కొత్త పొక్కులు లేస్తూంటే, ఒంట్లో కాపలా తక్కువున్నవాళ్లయితే, ముఖం మీద వస్తే, నాలుగో రోజైనా అయిదో రోజైనా డాక్టర్లు మందు మొదలుపెడతారు.

ముక్కు కొస మీద పొక్కు కనిపిస్తే

సర్పి నుదుటి మీదో, కనురెప్ప మీదో, ముక్కు మీదో ఒక పక్కగా లేస్తే అది అన్నిటికన్నా తొందర చెయ్యాల్సిన సంగతి. నుదుటికీ, ముక్కు కొసకీ, కంటికీ వెళ్లే నరాలు ఒకే కొమ్మ నుంచి చీలతాయి. ముక్కు కొస మీదో పక్కనో పొక్కు వచ్చిందంటే వైరస్ కంటిదాకా పోయే అవకాశం బాగా ఉందని గుర్తు. కన్ను ఎర్రబడకపోయినా, చూపు బాగానే ఉన్నా, ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాలి. నల్లగుడ్డు మీద పుండు పడితే మచ్చ మిగిలి చూపు పోవచ్చు. ముక్కు కొస మీద ఏమీ లేనంత మాత్రాన కంటికి భయం లేదనుకోకూడదు. రెప్ప మీద ఉన్నా చూపించాల్సిందే. ఇలాంటప్పుడు కంట్లో తల్లిపాలూ, నందివర్ధనం పూల రసమూ, ఇంట్లో మిగిలిన చుక్కల మందూ వెయ్యకండి. చెవి దగ్గర పొక్కులు వచ్చి మూతి వంకరపోయినా, వినికిడి తగ్గినా, కళ్లు తిరిగినా అదీ ఈ వైరస్ పనే కావచ్చు. అప్పుడూ అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లో చెయ్యాల్సినవి

పొక్కుల్ని చిదమకూడదు. రోజూ మామూలు నీళ్లూ సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టాలి. మంటగా ఉంటే శుభ్రమైన పాత నూలు గుడ్డ చల్లటి నీళ్లలో తడిపి పది పదిహేను నిమిషాలు వేస్తే హాయిగా ఉంటుంది. సున్నం, టూత్‌పేస్టు, పసరు, మట్టి పూస్తే చితికిన పొక్కుల్లో చీము పడుతుంది. ఎరుపు చుట్టూ పాకుతున్నా, చీము కారుతున్నా, జ్వరం వచ్చినా మళ్లీ డాక్టరుకి చూపించాలి. బిగుతు జాకెట్టు వద్దు. వదులుగా ఉన్న నూలు బట్టలు మేలు.

ఇది అంటుకుంటుందా అని అందరూ అడుగుతారు. సర్పి ఉన్నవాళ్ల నుంచి ఇంకొకరికి సర్పి రాదు. కానీ పొక్కుల నీటిలో వైరస్ ఉంటుంది. అది తగిలితే ఆటలమ్మ పోయనివాళ్లకీ, ఆ టీకా వేయించుకోనివాళ్లకీ ఆటలమ్మ వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకీ, పురిటి బిడ్డలకీ, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకీ అది ప్రమాదం. అందుకని పక్కులు కట్టేదాకా పొక్కుల మీద గుడ్డ కప్పుకోవాలి, తువ్వాలు వేరే వాడుకోవాలి. మనవణ్ణి ఎత్తుకునే ముచ్చట ఓ వారం పది రోజులు ఆపుకోవాలి. పక్కులు కట్టాక భయం లేదు. తిండికి పథ్యమేమీ లేదు. ఉప్పూ కారం మాన్పించి పెద్దవాళ్లని నీరసపెట్టకండి. షుగరు అదుపులో ఉంచడమే అసలైన పథ్యం.

సర్పి రాకుండా ఉండే టీకా ఒకటి మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. దాని పేరు షింగ్రిక్స్. యాభై దాటినవాళ్లకి రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు సూదులు. ఒంట్లో కాపలా తక్కువున్నవాళ్లకి ఆ వయసు లోపు కూడా డాక్టరు సలహాతో ఇస్తారు. ఒకసారి సర్పి వచ్చి తగ్గినవాళ్లూ వేయించుకోవచ్చు, మళ్లీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి. ఖరీదు ఎక్కువే. వేసిన రోజు చెయ్యి నొప్పీ, ఒకటి రెండు రోజులు జ్వరమూ, ఒళ్లు నొప్పులూ ఉంటాయి. పొక్కులు లేచాక దీన్ని మందుగా వేయించుకుంటే పనికిరాదు. అది రాకముందు వేయించుకోవాల్సిన సూది.

ఇంట్లో పెద్దవాళ్లు ఒక పక్కనే మంటగా ఉందనీ, గుచ్చుతోందనీ అంటే, తర్వాతి నాలుగైదు రోజులు స్నానం అయ్యాక ఆ చోటు ఒక్కసారి చూడండి. వీపు వాళ్లకి కనపడదు, చూపించడానికి సిగ్గుపడతారు. ఎర్రటి మచ్చో, పొక్కో కనిపిస్తే ఆ రోజూ, ఆ వేళా క్యాలెండర్ మీద రాసి పెట్టండి. డాక్టరు మొదట అడిగేది అదే.